"ఒక్క లైనే కదా" అన్న మాట మీద

"సీఎస్‌వీ చదవడానికి ఏముందన్నా, కామా దగ్గర స్ప్లిట్ కొడితే అయిపోద్ది. ఒక్క లైనే కదా!"

ఈ మాట నేను ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. కొత్తగా చేరిన కుర్రాళ్ళు అంటారు, వాళ్ళకి నేర్పిన సీనియర్లూ అంటారు, కోచింగ్ సెంటర్లలో బోర్డు మీద రాసీ చూపిస్తారు. అన్నవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. సీఎస్‌వీ ఫైలు తెరిచి చూస్తే కంటికి కనిపించేది అదే మరి: విలువ, కామా, విలువ, కామా. కంటికి కనిపించినదాన్ని కోడుగా రాస్తే `split(',')` అవుతుంది. నా వాదన ఏమిటంటే, ఇది తొంభై శాతం సరైన పద్ధతీ కాదు, కొంచెం మెరుగులు దిద్దితే సరిపోయేదీ కాదు. ప్రశ్నే తప్పు. "ఈ లైన్లో ఏ కామా దగ్గర కోయాలి" అని అడిగినంతకాలం ఎంత తెలివైన జవాబు రాసినా అది ఎక్కడో ఒకచోట తప్పుతుంది.

ముందు ఒక ఫైలు చూద్దాం. విజయవాడలో పైపులు, ఫిట్టింగులు అమ్మే ఒక హోల్‌సేల్ కొట్టుకి స్టాకు విలువ లెక్కగట్టే చిన్న ప్రోగ్రామ్ చేసిపెట్టాం. వాళ్ళ గుమాస్తా గారు స్టాకు జాబితాని ఎక్సెల్ నుంచి సీఎస్‌వీగా సేవ్ చేసి పంపేవారు. అందులోంచి మూడు వరుసలు:

```
కోడ్,వస్తువు,సంఖ్య,మొత్తం
415,క్లాంపు,80,960.00
416,టెఫ్లాన్ టేపు,300,"4,500.00"
417,"గేటు వాల్వు, 1/2""",240,"1,08,480.00"
```

ఇక్కడ రాసినవాళ్ళ తప్పు ఏమీ లేదు. విలువలోనే కామా ఉంటే ఆ విలువని డబుల్ కోట్స్‌లో పెట్టాలి. విలువలోనే కోట్ గుర్తు ఉంటే (ఇక్కడ అంగుళం గుర్తు) దాన్ని రెండుసార్లు రాయాలి. అందుకే `1/2"` అన్నది `1/2""` అయింది, ఆ తర్వాత విలువని మూసే కోట్ ఇంకొకటి వచ్చి చివర మూడు కోట్స్ వరసగా నిలబడ్డాయి. మొత్తం కాలమ్‌లో కామాలు ఎందుకున్నాయంటే, ఎక్సెల్ సీఎస్‌వీగా సేవ్ చేసేటప్పుడు సెల్‌లో దాగిన అంకెని కాదు, తెర మీద కనిపించే రూపాన్ని రాస్తుంది. తెర మీద మన పద్ధతిలో లక్షకి, వెయ్యికి కామా కనిపిస్తే ఫైల్లోకీ ఆ కామాతోనే దిగుతుంది.

మా కుర్రాడు రాసింది ఒక్క లైనే. కామా దగ్గర కోయడం, కోట్స్ కనిపిస్తే చెరిపేయడం, నాలుగో ముక్కని మొత్తంగా తీసుకోవడం. 415 సరిగ్గా వచ్చింది, 960. 416లో నాలుగో ముక్క `"4` అయింది, కోట్ చెరిపితే 4. ఇక 417 నాలుగు ముక్కలు కావలసింది ఏడయింది: `417`, `"గేటు వాల్వు`, ` 1/2"""`, `240`, `"1`, `08`, `480.00"`. నాలుగోది 240. అది వాల్వుల సంఖ్య. లక్షా ఎనిమిది వేల రూపాయల సరుకు రెండు వందల నలభై రూపాయలకి దిగింది. 1,13,940 రావలసిన ఈ మూడు వరుసల మొత్తం 1,204 వచ్చింది.

ప్రోగ్రామ్ ఎక్కడా ఆగలేదన్నది గమనించాలి. 4 అన్నది అంకే, 240 అన్నదీ అంకే. ఎర్ర అక్షరాల్లో ఏమీ రాలేదు. పైగా వెయ్యికి లోపున్న సరుకులో కామా ఉండదు కాబట్టి చిల్లర సామానంతా పైసాతో సహా సరిగ్గా వచ్చింది, ఖరీదైన సరుకు మాత్రమే చిన్నబోయింది. మా కుర్రాడు పరీక్షించింది క్లాంపులూ, నట్లూ, వాషర్లూ ఉన్న మొదటి పది వరుసల మీద. అన్నీ ఒప్పే. గుమాస్తా గారు ఫోన్ చేసి "బాబూ, మీ లెక్క ప్రకారం మా కొట్టు మొత్తం కొనడానికి మీ జీతం చాలేలా ఉంది" అన్నాకగానీ మాకు తెలియలేదు.

ఇక్కడ మొదటి సమర్థన వస్తుంది. "అది మీ ఖర్మ. మా డేటాలో కామాలు రావు" అంటారు. తెలుగునాట ఈ మాట ఎలా అనగలుగుతారో నాకు అర్థం కాదు. మన చిరునామా ఒక్కటి చాలు: ఇంటి నంబరు, ఫలానా గుడి ఎదురుగా, ఫలానా వీధి, ఊరు, మండలం. ఒక్క సెల్‌లో నాలుగైదు కామాలు. అంకెల్లో ఇంగ్లీషువాళ్ళు మూడేసి స్థానాలకి ఒక కామా పెడితే మనం వేయి దాటాక రెండేసి స్థానాలకి ఒకటి పెడతాం, కోటి దాటితే ఒక అంకెలోనే మూడు కామాలు. పేరు చివర "బి.ఎ., బి.ఎల్." రాసుకునేవాళ్ళూ ఉన్నారు. కామాలు రావని హామీ ఇచ్చేది డేటా కాదు, డేటాని ఇంకా చూడనివాళ్ళు.

"అయితే కామా బదులు నిలువు గీత పెడదాం" అనేది రెండో సమర్థన. దీనిలో కొంత న్యాయం ఉంది, కాదనను. ట్యాబుతో విడదీసే ఫైళ్ళకి ఒక పాత నియమం ఉంది: విలువ లోపల ట్యాబు ఉండకూడదు, అంతే. ఉండకూడదని రాసేవాడూ చదివేవాడూ ఒప్పుకుంటే స్ప్లిట్ నిజంగానే చాలు. అది నిజాయితీ గల ఒప్పందం. కానీ ఫైలు పంపేది మనం కానప్పుడు ఆ ఒప్పందం మన చేతిలో లేదు. బ్యాంకు నుంచి, సర్కారు పోర్టల్ నుంచి, గుమాస్తా గారి ఎక్సెల్ నుంచి వచ్చేది కామాల ఫైలే. మా ప్రోగ్రామ్‌కి ఇబ్బందిగా ఉంది, కొంచెం గుర్తు మార్చి పంపండి అని వాళ్ళకి చెప్పగలిగినవాళ్ళు చెప్పండి.

అసలైన ప్రత్యర్థి మూడోవాడు. అతను స్ప్లిట్‌ని సమర్థించడు, నవ్వుతాడు. "కోట్స్ ఉంటే రెజెక్స్ వాడాలయ్యా, స్ప్లిట్ ఏమిటి" అని ఈ మంత్రం ఇస్తాడు:

```
,(?=(?:[^"]*"[^"]*")*[^"]*$)
```

దీని అర్థం చాలామందికి తెలియదు, కాపీ చేసుకుంటారు. మాటల్లో చెబితే ఇది: ఒక కామా కనిపిస్తే అక్కణ్ణుంచి లైను చివరిదాకా ఎన్ని కోట్స్ ఉన్నాయో లెక్కపెట్టు. సరిసంఖ్య అయితే ఈ కామా కోట్స్ బయట ఉంది, కోయి. బేసిసంఖ్య అయితే లోపల ఉంది, వదిలేయి. పై 417 వరుస మీద ఇది సరిగ్గా పనిచేస్తుంది, నాలుగు ముక్కలే వస్తాయి. రెట్టించిన కోట్స్ జంటగా ఉంటాయి కాబట్టి లెక్క చెడదు. ఆలోచన అందంగానే ఉంది. ముక్కలకి అంటుకున్న బయటి కోట్స్‌ని తర్వాత తీసేయాలి, లోపలి జంటల్ని ఒంటిగా మార్చాలి, ప్రతి కామాకీ లైను చివరిదాకా మళ్ళీ మళ్ళీ నడవాలి. పోనీ, ఇవి చిన్న విషయాలు.

పెద్ద విషయం వేరే. ఈ మంత్రం కుడి నుంచి చూస్తుంది. ఇంకా చదవని భాగాన్ని బట్టి ఇప్పుడున్న కామాకి అర్థం చెబుతుంది. సీఎస్‌వీ రాసినవాడు మాత్రం ఎడమ నుంచి రాశాడు. అంతా సవ్యంగా ఉంటే ఎటు నుంచి చూసినా ఒకటే. ఒక్క కోట్ ఎక్కువో తక్కువో అయిన రోజున తేడా బయటపడుతుంది. కోట్స్ పెట్టడం తెలియని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి అదే వాల్వుని ఇలా రాసిందనుకోండి:

```
417,గేటు వాల్వు 1/2",240,108480
```

నియమం ప్రకారం ఇది తప్పు వరుస. కోట్స్‌లో లేని విలువ మధ్యలో కోట్ గుర్తు రాకూడదు. కానీ చదివే మనిషి ఎవరికైనా నాలుగు విలువలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. మంత్రానికి కనిపించవు. 417 పక్కనున్న కామా నుంచి చూస్తే ముందు ఒకే కోట్ ఉంది, బేసి, కాబట్టి కోయదు. వచ్చేవి మూడు ముక్కలు: `417,గేటు వాల్వు 1/2"`, `240`, `108480`. తప్పు ఉన్నది రెండో విలువ చివర, దెబ్బ తిన్నది దాని ముందున్న కామా. ఇంకో ఇరవై కాలమ్‌లు ఎడమ వైపు ఉంటే ఇరవైయీ ఒక్క ముద్ద అయ్యేవి. ఎడమ నుంచి చదువుకుంటూ వచ్చేవాడు ఈ వరుసని ఇబ్బంది లేకుండా దాటుతాడు: విలువ మొదట్లో కోట్ లేదు, కాబట్టి ఇది మామూలు విలువ, మధ్యలో వచ్చిన కోట్ అంగుళం గుర్తే. లేదా పట్టింపు గలవాడైతే సరిగ్గా ఆ గుర్తు దగ్గరే ఆగి, ఫలానా వరుసలో ఫలానా చోట తప్పుంది అని చెబుతాడు. రెండూ మర్యాదైన పనులే. తప్పు ఒకచోట ఉంటే ఇంకోచోట కోసిపెట్టడం మర్యాద కాదు.

కామాకి స్వతహాగా అర్థం లేదు అన్నది ఇక్కడి అసలు సంగతి. దాని అర్థం ఎడమ నుంచి ఏ స్థితిలో దాని దగ్గరికి వచ్చాం అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ స్థితులు కూడా ఎన్నో లేవు, నాలుగే. విలువ ఇంకా మొదలుకాలేదు. మామూలు విలువ మధ్యలో ఉన్నాం. కోట్స్ లోపల ఉన్నాం. నాలుగోది అందరూ మరిచిపోయేది: కోట్స్ లోపల ఉండగా ఒక కోట్ కనిపించింది, అది మూసే కోటో, జంటలో మొదటిదో ఇంకా తెలియదు.

ఈ నాలుగో స్థితి తెలుగువాళ్ళకి కొత్తగా ఉండకూడదు. మన వాక్యంలో ఎవరి మాటలు ఎక్కడ ముగిశాయో "అని" వచ్చాకే తేలుతుంది. "నేను రేపు వస్తాను" వరకూ విని అది చెబుతున్నవాడి మాటేనని ఊరుకుంటే, వెనకే "అని మా బావ చెప్పాడు" వస్తుంది. తర్వాతి మాట వినేదాకా తీర్పు ఆపుకోవడం మనకి అలవాటే. ఇక్కడా అంతే, తర్వాతి గుర్తు ఒక్కటి చూసేదాకా ఆగితే చాలు. అది కామా గానీ లైను విరుపు గానీ అయితే విలువ ముగిసింది, మళ్ళీ కోట్ అయితే విలువలో ఒక కోట్ చేరింది, ఇంకేదైనా అయితే ఫైలు తప్పు.

కోడుగా రాస్తే ఇంతే అవుతుంది:

```python
def records(text):
    row, buf, st = [], [], "start"
    for ch in text:
        if st == "quoted":
            if ch == '"': st = "pending"
            else: buf.append(ch)
        elif st == "pending" and ch == '"':
            buf.append(ch); st = "quoted"
        elif st == "start" and ch == '"':
            st = "quoted"
        elif ch == ',':
            row.append("".join(buf)); buf, st = [], "start"
        elif ch == '\n':
            row.append("".join(buf)); yield row
            row, buf, st = [], [], "start"
        elif ch == '\r':
            pass
        elif st == "pending":
            raise ValueError("మూసిన కోట్ తర్వాత అక్షరం")
        else:
            buf.append(ch); st = "plain"
    if st == "quoted":
        raise ValueError("కోట్ మూయలేదు")
    if row or buf or st != "start":
        row.append("".join(buf)); yield row
```

417 వరుసని దీనిలో వేలుపెట్టి నడిపించండి. `1/2` దాటాక మొదటి కోట్, "pending". రెండోది కోటే, కాబట్టి విలువలో ఒక కోట్ చేరి మళ్ళీ "quoted". మూడోది మళ్ళీ "pending". తర్వాత కామా, విలువ ముగిసింది. చేతికొచ్చింది `గేటు వాల్వు, 1/2"`. ప్రతి అక్షరాన్నీ ఒక్కసారే చూశాం, వెనక్కి గానీ ముందుకి గానీ తొంగి చూడలేదు.

ఇప్పుడు ఈ కోడులో ఒక సంగతి చూడండి. దీనికి నేను ఇచ్చింది లైను కాదు, ఫైలు మొత్తం. మొదటివాడి స్ప్లిట్‌కీ, మూడోవాడి మంత్రానికీ ఉమ్మడిగా ఉన్న తప్పు ఇదే. ఇద్దరూ ముందు ఫైలుని లైన్లుగా కోసి, ఆ తర్వాత లైనుని కామాల దగ్గర కోస్తారు. లైను అన్నది ముందే ఉన్న వస్తువు అనుకుంటారు. కోట్స్ లోపల కామా ఉండొచ్చని ఒప్పుకున్నప్పుడు, కోట్స్ లోపల లైను విరుపు ఉండొచ్చని కూడా ఒప్పుకోవాలి. నియమం రెండింటినీ ఒకే వాక్యంలో అనుమతిస్తుంది. ఎక్సెల్‌లో ఆల్ట్ ఎంటర్ కొట్టి చిరునామాని రెండు లైన్లలో రాసే అలవాటు మన గుమాస్తాలందరికీ ఉంది. ఖాతాదారుల జాబితాలో అలాంటిది ఒకటి:

```
52,"4-12, మెయిన్ రోడ్డు
గుడివాడ",బాకీ
```

ఇది మూడు విలువలున్న ఒకే రికార్డు. లైన్లుగా ముందే కోస్తే పై సగానికి ఒకే కోట్ మిగిలింది. దాని మీద ఆ మంత్రం నడపండి. 52 పక్కన కామా నుంచి ముందు ఒక కోట్ ఉంది, బేసి, కోయదు. `4-12` పక్కన కామా నుంచి ముందు కోట్స్ లేవు, సున్న, సరి, కోస్తుంది. కోయవలసిన చోట కోయలేదు, కోయకూడని చోట కోసింది. కత్తిని తిరగేసి పట్టుకున్నట్టు ప్రతి నిర్ణయమూ తారుమారు. దీన్ని మరమ్మతు చేయడానికి "లైన్లో కోట్స్ బేసి అయితే తర్వాతి లైనుని అతికించు" అని ఇంకో అతుకు వేస్తారు. ఆ అతుకు వేసేవాడు తనకి తెలియకుండా స్థితిని మోస్తున్నాడు, కాకపోతే అక్షరం దగ్గర కాక లైను దగ్గర మోస్తున్నాడు. అదేదో మొదటి నుంచే మోస్తే సరిపోయేది.

పైథాన్ `csv` మాడ్యూల్ డాక్యుమెంటేషన్ ఫైలుని `newline=''` తో తెరవమని చెబుతుంది. చాలామంది ఇదేదో చాదస్తం అనుకుని వదిలేస్తారు. కారణం ఇదే: ఏ లైను విరుపు రికార్డు చివరిదో, ఏది చిరునామాలోనిదో తేల్చేది చదివే యంత్రం, ఫైలు తెరిచే ఫంక్షన్ కాదు. ఎక్సెల్ విండోస్‌లో రికార్డు చివర `\r\n`, సెల్ లోపల ఒంటి `\n` రాస్తుంది. అన్నిటినీ ఒకేలా మార్చేసి చేతికిస్తే విలువ లోపలి గుర్తు కూడా మారిపోవచ్చు.

లైన్ల మీద, విభజన గుర్తు మీదే బతికే పరికరం ఆక్. దాని సంగతి చూస్తే ఈ వాదన ఎంత పాతదో తెలుస్తుంది. గాక్‌లో విభజన గుర్తు బదులు విలువ ఆకారాన్నే రెజెక్స్‌గా చెప్పే `FPAT` వచ్చినప్పుడు చాలామంది సీఎస్‌వీ సమస్య తీరిందన్నారు. విలువ లోపల లైను విరుపు ఉంటే ఇది పనికిరాదని దాని మాన్యువలే ఒప్పుకుంది. చివరికి 2023లో, ఆక్ పుస్తకం రెండో ముద్రణ వచ్చిన ఏడాదే, కెర్నిగన్ ఆక్‌లోకీ, గాక్ 5.3లోకీ `--csv` అని విడిగా ఒక పద్ధతి చేర్చారు. 1988 నాటి మొదటి ముద్రణకీ దీనికీ మధ్య ముప్పై అయిదేళ్ళు. విభజన గుర్తుని మలిచి మలిచి సీఎస్‌వీ చదవొచ్చన్నదే నిజమైతే వాళ్ళకి ఆ పని అక్కర్లేకపోయేది.

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకు, లైబ్రరీ ఎందుకు" అంటారు ఇక ఆఖరున. పైథాన్‌లో `csv` మాడ్యూల్ 2003లో వచ్చిన 2.3 నుంచి భాషతోనే ఉంది, వేరే ఏదీ దించుకోనక్కర్లేదు. దాని లోపల ఉన్నవీ పైన నేను రాసినలాంటి స్థితులే, మరికొన్ని ఎక్కువ. ఇక్కడ గోరు ఆ మాడ్యూలే. ముందుకి తొంగి చూసే ఆ రెజెక్సే గొడ్డలి.

అలాగని మాడ్యూల్ పిలవగానే చేతులు దులుపుకోవచ్చని నేను అనడం లేదు. దాని మర్యాద కొన్నిసార్లు ఎక్కువే. ఎక్కడో ఒక కోట్ తెరిచి మూయకపోతే, అక్కణ్ణుంచి ఇంకో కోట్ ఎదురయ్యేదాకా, అదీ లేకపోతే ఫైలు చివరిదాకా, కామాలూ లైన్లూ అన్నీ ఒకే విలువలోకి వెళ్ళిపోతాయి. ఫైలు పెద్దదైతే పైథాన్ ఇలా అరుస్తుంది:

```
_csv.Error: field larger than field limit (131072)
```

ఈ ఎర్రర్ చూసిన చాలామంది `csv.field_size_limit` పెంచుకుని ముందుకి పోతారు. అది జ్వరం వస్తే థర్మామీటరు మార్చడం. నిజానికి ఒక విలువ లక్షా ముప్పై వేల అక్షరాలు ఎందుకుందో చూడాలి, నూటికి తొంభై సార్లు మూయని కోటే దొరుకుతుంది. ఫైలు చిన్నదైతే ఆ మాత్రం అరుపు కూడా ఉండదు, రికార్డులు తక్కువ వస్తాయి, అంతే. `strict=True` పెడితే ఫైలు చివర కోట్ తెరిచే ఉందని ఆగుతుంది. డిఫాల్ట్‌గా అది ఎందుకు లేదని నా ఫిర్యాదు, కానీ అది వేరే కథ.

ప్రామాణికం ప్రకారం పోదాం అనేవాళ్ళకి కూడా ఒక మాట. 2005 అక్టోబరులో యాకొవ్ షఫ్రనోవిచ్ రాసిన ఆర్‌ఎఫ్‌సి 4180 ఈ నియమాలని కాగితం మీద పెట్టింది. అది అప్పటికే వాడుకలో ఉన్నదాన్ని నమోదు చేసిన పత్రం, శాసనం కాదు. దాని వ్యాకరణంలో విలువలో ఉండదగిన అక్షరాలు ఆస్కీ వరకే ఉన్నాయి. అక్షరాలా పాటిస్తే "గేటు వాల్వు" అన్నదే చట్టవిరుద్ధం. స్పార్క్ లాంటి వ్యవస్థలో కోట్‌ని తప్పించే గుర్తు డిఫాల్ట్‌గా బ్యాక్‌స్లాష్, రెట్టింపు కోట్ కాదు. లైను విరుపులున్న విలువల్ని చదవాలంటే `multiLine` అని చెప్పి మరీ అడగాలి. కాబట్టి ఫైలు ఎవరు రాశారో, వాళ్ళు ఏ ఆచారం పాటించారో తెలుసుకోకుండా ఏ యంత్రమూ గట్టెక్కించదు.

తెలుగు సంగతి వచ్చింది కాబట్టి ఒక విచిత్రం చెప్పి ముందుకి పోతాను. యూటీఎఫ్-8లో రాసిన తెలుగుని బైట్ల వారీగా చదివినా ప్రమాదం లేదు, తెలుగు అక్షరాల బైట్లలో కామా బైటు గానీ కోట్ బైటు గానీ ఎప్పుడూ రాదు. యూటీఎఫ్-16లో అలా కాదు. కామా విలువ 2C, కోట్ విలువ 22. యూనికోడ్‌లో "బ" 0C2C, "ఢ" 0C22. అంటే యూటీఎఫ్-16 ఫైలుని బైట్లుగా కోసేవాడికి "బాబు"లో రెండు కామాలుంటాయి, "ఢిల్లీ" అనగానే కోట్ తెరుచుకుంటుంది. నేను దీన్ని మొదటిసారి చూసినప్పుడు ఒక గంట నా కళ్ళనే అనుమానించాను. ముందు అక్షరాలుగా మార్చుకుని తర్వాతే కామాలు వెతకాలన్న నియమం ఇక్కణ్ణుంచే వస్తుంది.

మళ్ళీ కొట్టు దగ్గరికి వద్దాం. స్ప్లిట్ తీసేసి `csv.reader` పెట్టాం, ప్రతి రికార్డులో ముక్కలు నాలుగేనా అని తనిఖీ ఒకటి చేర్చాం. ఆ తనిఖీ ముందే ఉండి ఉంటే 417 వరుస ఏడు ముక్కలైన రోజునే దొరికేది. ఇలాంటి తనిఖీలో పడిన వరుసల్ని కొందరు నిశ్శబ్దంగా వదిలేయిస్తారు, పాండాస్‌లో `on_bad_lines='skip'` అని దానికో మీట కూడా ఉంది. స్టాకు లెక్కలో వరుస వదిలేయడమంటే సరుకుని అటక మీద మరిచిపోవడం. మేము వదలకుండా అచ్చువేయించాం. మొత్తం ఆయన పుస్తకంతో దాదాపు కలిసింది. మిగిలిన తేడాకి కారణం నాలుగే వరుసలు, నాలుగూ ఇదే ఆకారంలో ఉన్నాయి:

```
431, "బాల్ వాల్వు, 3/4""", 60, "31,200.00"
```

కామా తర్వాత ఖాళీ ఉంది. ఖాళీ కూడా విలువలో భాగమే అన్నది నియమం. కాబట్టి విలువ ఖాళీతో మొదలైంది, కోట్‌తో కాదు. మొదట్లో రాని కోట్ తెరిచే కోట్ కాదు. యంత్రం తన పని తను సరిగ్గానే చేసింది, ఆరు ముక్కలు ఇచ్చింది. ఎక్సెల్ ఇలా రాయదు, ఇవి ఎవరో చేత్తో చేర్చినవి. `skipinitialspace=True` పెడితే చదువుతుంది. అయినా ఎవరు చేర్చారో తెలుసుకుందామని ఫోన్ చేశాను.

"నేనేనండీ" అన్నారు గుమాస్తా గారు. "సరుకు సాయంత్రం వచ్చింది, ఎక్సెల్ తెరిచే ఓపిక లేక నోట్‌ప్యాడ్‌లో మీ ఫైలు చూసి అలాగే కొట్టాను. కోట్లు కూడా మీరు పెట్టినట్టే పెట్టానే."

కామా పక్కన ఖాళీ వదిలారండీ, అన్నాను.

"వదలకపోతే ఎట్లా బాబూ? కామా తర్వాత ఖాళీ వదలమని మా మాస్టారు తొడపాశం పెట్టి మరీ నేర్పారు."